కింది వాటా

మా దివాణం చేజారి, ఆ సంగతి బంధువులకు చెప్పుకోకుండానే ఏళ్లు గడిచాక, గుంటూరులో అద్దెకున్న రోజుల్లో, వారం వారం ఒక ఉత్తరం రాసి బంధుమిత్రులకు ఈమెయిల్లో పంపడం మొదలుపెట్టాను. మిర్చి ధర తప్ప మరో సంగతి పట్టని ఊళ్లో నా రాత చదివేదెవరు? దూరాన ఉన్నవాళ్లయినా చదవాలి, లేకపోతే రాయడమే దండగ.

తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో గళ్లుగా మారేవి. అందుకని ఉత్తరం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో సబ్జెక్టులో పెట్టి, ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా జతచేసేవాణ్ణి. మా ఇంట్లో ఏ రాతకైనా పైన శ్రీరస్తు ఉండాల్సిందే. కాబట్టి ‘శ్రీరస్తు’, ఆపైన మా ఇంటిపేరు, ‘వారి దివాణము నుండి వారము వారము వెలువడు లేఖ’ అని పేరు పెట్టాను. ప్రతివారం అదే పేరు, అక్షరం మార్చకుండా.

నెల తిరిగేసరికి మా మేనత్త కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు.

“ఏరా, మీ ఇంట్లో వారానికో పెళ్లా?”

“పెళ్లేంటి బావా?”

“శుభలేఖలు పంపుతున్నావుగా.”

తెరవనైనా తెరవకుండా నూతన దంపతులకు ఆశీస్సులు పంపిన మహానుభావులూ ఉన్నారు.

నెట్ సెంటర్ నడిపే నా కాలేజీ స్నేహితుడు తన ఇన్‌బాక్స్ తెరిచి చూపించాడు. సబ్జెక్టు చోట శ్రీరస్తు, మా ఇంటిపేరు, ‘వారి’ వరకే కనిపిస్తున్నాయి, అచ్చం శుభలేఖ మొదలులా. మిగతాది తెగిపోయింది. పైగా పేరు ఒకటే కావడంతో ఉత్తరాలన్నీ ఒకే వరసలో ఒకదాని కింద ఒకటి నక్కాయి.

“ఒరేయ్, పేరు పొట్టిగా ఉండాలి. దాని పక్కన ఆ వారం సంగతి రెండు ముక్కల్లో రాయి. పేరు మారకూడదు, సంగతి మారాలి.”

“అయితే ఏం పెట్టమంటావు?”

“గుంటూరు ఘాటు.”

ఈ ఊళ్లో టిఫిన్ బండికీ అదే పేరు, పాటల ట్రూపుకీ అదే పేరు. మిర్చి సంగతి లేని వారం ఏం చేయాలి? ‘ఆదివారం లేఖ’ అన్నాడు. కరెంటు పోయి సోమవారం పంపితే అబద్ధమవుతుంది. ‘మేడ మీద నుంచి’ అన్నాను నేను.

వాడు నవ్వలేదు. “ఏ మేడరా? నువ్వుండేది కింది వాటా. పైన ఓనరుగారు.”

లేచి వచ్చేశాను. నాకు బుద్ధి చెప్పడానికి వాడెవడు? కానీ దారిపొడవునా ఎన్ని పేర్లు పెట్టుకున్నా, ఏడాది తర్వాత కూడా నిజంగా ఉండే పేరు వాడన్న ఆ రెండు ముక్కలే అనిపించింది. వారం తిరక్కుండా ‘కింది వాటా: పత్తి తూకం’ అని పంపాను.

మర్నాడే బావ ఫోన్.

“కింది వాటా ఏంట్రా? దివాణం అమ్మేశారా?”

“మొదటి ఉత్తరం నిండా అదే రాశాను బావా. శుభలేఖనుకుని నువ్వు తెరవలేదు.”