రెండు సీసాలు, ఒక తప్పు కీ

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష ప్రాక్టీసు టెస్టుల జవాబు పత్రాలు దిద్దేదాన్ని. ఎమ్మెస్సీ బాటనీ చదివి, అదే పరీక్షలో మూడుసార్లు తప్పినదాన్ని. ఒక మధ్యాహ్నం వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి తన పత్రం పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

“మేడమ్, పది మార్కులకు రెండే ఏసిన్రేంది? నేనేం తప్పు రాసిన?”

ప్రశ్న ప్రాథమిక ఉత్పాదకత మీద, అంటే మొక్కలు వెలుగుతో ఎంత ఆహారం తయారుచేస్తాయన్న దాని మీద. చెరువు నీటిని రెండు సీసాల్లో నింపి, ఒకటి వెలుగులో, ఒకటి నల్లగుడ్డ చుట్టి ఉంచి, ఆక్సిజన్ కొలవాలి; ఆపైన అడవినీ నడిసముద్రాన్నీ పోల్చాలి. ఆ అమ్మాయి లెక్క వేసి మరీ రాసింది. మొదట లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములు, వెలుగు సీసాలో పది, చీకటి సీసాలో అయిదు. పదిలోంచి ఎనిమిది తీస్తే నికరం, అంటే ఖర్చు పోను మిగిలింది, రెండు. ఎనిమిదిలోంచి అయిదు తీస్తే శ్వాసక్రియకు ఖర్చయింది, మూడు. రెండూ కలిపితే స్థూలం, అంటే మొత్తం ఉత్పత్తి, అయిదు.

అది సరైనదే. దిద్దడానికి మాకిచ్చిన జవాబుల కీలో మాత్రం వెలుగు సీసా అంకెలోంచి చీకటి సీసాది తీస్తే వచ్చేదే నికరమని ఉంది. నడిసముద్రంలో ఉత్పత్తి తక్కువ కావడానికి వెలుగు లేకపోవడం కారణమనీ ఉంది. పైపొరలో వెలుగుకేం లోటు? లేనివి పోషకాలు. చచ్చినవన్నీ కిందకు దిగిపోతాయి, వెచ్చటి పైనీరు అడుగు నీటితో కలవదు. ఉష్ణమండల అడవిలో రాలిన ఆకు త్వరగా కుళ్ళి మళ్ళీ వేర్లకు అందుతుంది, ఏడాది పొడవునా వేడి, వాన. అందుకే చదరపు మీటరుకు అడవిదే పైచేయి. సముద్రం విశాలం కాబట్టి మొత్తం మీద దాని వాటా చిన్నదేమీ కాదు. ఆ అమ్మాయి ఇదంతా రాసింది. అడవిలో సీసాలు పనికిరావనీ, రాలిన ఆకులూ, కాండం చుట్టుకొలత పెరగడమూ కొలుస్తారనీ కూడా.

అంతా తెలిసే నేను కొట్టేశాను. నలభై పత్రాలు సాయంత్రానికి ఇవ్వాలన్న కంగారు.

“మీకు తెల్వదా మేడమ్, ఇది?”

రెండును ఎనిమిది చేసి, కో-ఆర్డినేటర్ గదికి వెళ్ళాను. ఆయన నేను పట్టుకెళ్ళిన పుస్తకమైనా తెరవలేదు.

“మేడమ్, జో కీ మే హై, వహీ సహీ హై. బాకీ బచ్చే భీ ఆ జాయేంగే.”

కీలో ఏముంటే అదే సరైనదట; తప్పని ఒప్పుకుంటే మిగతా పిల్లలందరూ వచ్చి మీద పడతారని ఆయన భయం. బోర్డు మీద గీసి చూపిస్తానన్నాను. “ఠీక్ హై, బాద్ మే,” అని, తర్వాత చూద్దామన్నట్టు ఫోన్ తీశారు. మర్నాడు మార్కుల జాబితాలో ఆ అమ్మాయికి మళ్ళీ రెండే.

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ. ఆ వారంతో అక్కడ మానేశాను. ఆ తర్వాత నెల టెస్టులోనూ అదే కీ ఇచ్చారని ఆ అమ్మాయే చెప్పింది.

నేను మానేసే ముందు ఆ అమ్మాయి తన పత్రం తెచ్చి, “ఇది కరెక్టని రాసియ్యుండ్రి మేడమ్, నాకోసం,” అంది. రాసి, కింద సంతకం చేశాను.