కేక వేసి అడగలేని కారం

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను కొండంత చెయ్యకపోతే నాకు అన్నం సహించదు. చిలకలూరిపేటలో మా బావ కారం మిల్లు ఘాటుకి హైవే మీద లారీలు కూడా తుమ్మేవి.

మూడు రకాల కారానికీ బావ గోల్డ్, డైమండ్, ప్లాటినం అని పేర్లు పెట్టాడు. "వీటిలో ఏది గొప్పదండీ?" అని వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు. చెప్పలేక విసిగిపోయి, ఎవరికి వాళ్ళే తెలుసుకుంటారని సాదా, మేలు, మేలిమి అని మార్చాడు. వరస అందరికీ అర్థమైంది. కొంప ముంచింది అదే.

మిల్లు హోరులో ఏ కారం కావాలో కేక వేసి అడగాలి. మిరపకోతలకు వెళ్ళే ఒకామె, ఇరుగుపొరుగువాళ్ళ ముందు "సాదా" అని అరవలేక ఖాళీ డబ్బాతో వెళ్ళిపోయింది. ఆమె వెనకే సాదా కొనేవాళ్ళంతా వేరే మిల్లుకు మళ్ళారు. మా మిల్లు నడిచేదే వాళ్ళతో.

"బావా, వాడకాన్ని బట్టి పెట్టు. కూర కారం, పచ్చడి కారం, పెళ్ళి కారం. వరసా తెలుస్తుంది, కూర కారం అడగడానికి ఎవరికీ సిగ్గూ ఉండదు."

"ఈ తెలివి ఇప్పుడా వచ్చేదిరా నీకు?" అంటూనే బోర్డు రాయించాడు. ఆ రోజే ఆమె వచ్చి "కూర కారం!" అని మార్టూరు దాకా వినబడేలా అరిచింది.

లారీలు తుమ్మడం నిజమేనని ఒట్టేస్తాను. ఆమె తిరిగి రావడమే నా కల్పన. కొత్త బోర్డు కింద తాళం వేలాడుతోంది. అక్కడ నిలబడితే ఇప్పుడు నాకు తుమ్మయినా రాదు.