మా చిన్నదానికి నేను కొనిచ్చిన అయిదు పుస్తకాలు

మా చెల్లెలు బడి పుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. ఆఫీసు లేదు, నెత్తిన బాసు లేడు. మా ఇంట్లో కిటికీ పక్కన బల్ల, అంతే. మూడు ప్రచురణ సంస్థల పనులు ఒకేసారి ఒప్పుకుని, ఒక్కటీ గడువుకి ఇవ్వలేక సతమతమయ్యేది. నాకు ఒళ్లు మండేది. నేను పొద్దున్నే బ్యాంకుకి పరిగెత్తాలి, ఈ మహాతల్లికి ఇంట్లో కూర్చుని గీయడానికేం రోగం?

అందుకే టైముని ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకాలు కొనిచ్చాను. నాలుగు ఇటుకల్లాంటివి, అయిదోది సన్నగా పీలగా ఉంది. పాపం, అన్నీ చదివింది.

"ఏం నేర్చుకున్నావే?" అన్నాను.

"ఈ నాలుగింట్లోనూ ఒకటే మాటక్కా. పొద్దున్నే తలుపేసుకుని ముఖ్యమైన పని ముందు చెయ్యి. ఇరవై పేజీల్లో అయిపోయింది. తక్కినదంతా ఫలానా ఆయన అలా బాగుపడ్డాడు, ఇంకొకాయనా అలాగే బాగుపడ్డాడు. పాడిందే పాటరా పాచిపళ్ల దాసరీ! ఈ సన్నదే నాలాంటివాళ్ల కోసం రాసింది. ముందే టైంటేబుల్ వెయ్యకు, వారం పాటు ప్రతి అరగంటా నిజంగా ఏం చేశావో, పనిలోంచి నిన్నెవరు లేపారో రాసుకో అంటాడు రాసినాయన. మధ్యలో లేవాల్సొస్తే, తిరిగొచ్చి ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాసి లేవమంటాడు."

"రాయడానికున్న ఓపిక గీయడానికుండదేం?" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆ శుక్రవారం సైన్సు పుస్తకానికి పది నమూనా బొమ్మలివ్వాలి. నచ్చితే పుస్తకం మొత్తం దీనిదే, ఏడాది పని. నాలుగే ఇచ్చింది. వాళ్లు ఇంకొకరికి ఇచ్చేశారు. అది వెక్కివెక్కి ఏడుస్తుంటే నేను ఊరుకోవచ్చుగా! "పుస్తకాలు చదివితే సరా, క్రమశిక్షణ ఉండొద్దూ?" అన్నాను.

ఆ వారమంతా అరగంటకోసారి రాసుకున్న నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

సోమవారం పదిన్నర. ఆకు బొమ్మ. అక్క ఫోన్, కుళాయి బాగుచేసేవాడొస్తాడు, తలుపు తియ్యి. తర్వాత గీయాల్సింది: ఈనెలు. పదకొండున్నర. అక్క ఫోన్, పార్సిల్ వస్తుంది, తీసుకో. తర్వాత: ఈనెలు. రెండు. అక్క ఫోన్, బీరువాలో పాత రసీదు వెతికి ఫోటో పంపు. తర్వాత: ఈనెలు. మంగళవారం కూడా ఈనెలే.

లెక్కపెట్టాను. వారంలో ముప్ఫయ్యొక్కసార్లు లేచింది. అందులో ఇరవైరెండుసార్లు లేపింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా నోరు ఊరుకోదుగా.

"పని ఉందక్కా అని ఒక్కసారైనా చెప్పొచ్చు కదే!"

"చెప్పానక్కా," అంది కళ్లు తుడుచుకుంటూ. "బొమ్మలేగా, అన్నావు."