స్విస్ రైతు బడిమాట

యూసుఫ్‌గూడ కమలాకర్ ఇంట్లో "వచ్చిండు" అంటాడు, ఫిల్మ్‌నగర్ ఆఫీసులో "వచ్చాడు" అంటాడు. పాటల షూటింగులకు విదేశాల్లో ఏర్పాట్లు చూసే ఉద్యోగం కాబట్టి జర్మన్ కూడా నేర్చుకున్నాడు. తీరా ఒక పాటకు పచ్చికబయలు అద్దెకు అడుగుదామని స్విస్ రైతుకు ఫోన్ చేస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ రైతు రాసిన మెయిలు మాత్రం అచ్చం పాఠ్యపుస్తకమే.

"గిదేం జర్మన్ మేడం? నాకు ఆ యాసే నేర్పుండ్రి!" అని టీచర్ శేషారత్నం మీద ఎగిరాడు.

"మీరు రాయాల్సింది, మాట్లాడాల్సింది పుస్తకం భాషేనండీ; యాస వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది. యాసకు మెల్లగా చెవి అలవాటు చేసుకుంటే చాలు. స్టాండర్డ్ జర్మన్‌లో చెప్పమని అడగండి, ఆ రైతు బళ్లో నేర్చుకునే ఉంటాడు."

ఆమె ముందే మళ్లీ ఫోన్ చేసి అడిగాడు. రైతు ఒక్కో మాటా సర్దుకుంటూ చెప్పాడు. అంతా అర్థమైంది.

ఫోన్ పెట్టేసి కమలాకర్ నిట్టూర్చాడు. "పాపం మేడం, డైరెక్టర్ ముందు నేను మాట్లాడినట్టే మాట్లాడిండు."