సెలవుచీటీకి ఆరు టేకులు

రోజుకో కుట్టుపాఠం వీడియో పెట్టీపెట్టీ దర్జీ బాబాయికి సూదిని చూస్తేనే విసుగు పుట్టింది. పిన్ని పోరు పడలేక పద్ధతి మార్చాడు. ఒకే ఆదివారం నాలుగు చొక్కాలు మార్చుకుంటూ నాలుగు పాఠాలు తీసి, వారానికొకటి దానంతటదే వచ్చేలా పెట్టేశాడు. అయిదో వారం పూర్తి విశ్రాంతి.

ఆ అయిదో వారం మొదటిరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లైట్లు వేసుకుని, "ఈ వారం నాకు సెలవు" అని చెప్పే వీడియో ఆరుసార్లు తీశాడు మహానుభావుడు.

"సెలవుచీటీకే ఇంత చాకిరీనా? మరి సెలవెప్పుడండీ?" అంది పిన్ని.

"చెప్పకపోతే జనం నన్ను మర్చిపోరూ?" అంటూ పెట్టేశాడు.

కాసేపటికి ఒక శిష్యురాలి కామెంటు వచ్చింది.

"హమ్మయ్య! నిదానంగా రండి మాస్టారూ. మేమింకా మొదటి వారం కాలరు దగ్గరే ఉన్నాం."