పసుపు కొమ్ములు వేసిన మిక్సీ

మా ఆయన కువైట్ పోయినప్పటి నుంచి పులివెందులలోని మా మిక్సీలు, ఫ్యాన్ల అంగడిని నేనే చూసుకుంటున్నాను. మొదట్లో చాలామంది లోపలికి తొంగిచూసి, "మగోళ్లు లేరా?" అని అడిగేవాళ్లు. "నేనుండా గదా, చెప్పండి" అనేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం అంగట్లో ముగ్గురు ఆడవాళ్లు ఫ్యాన్లు చూస్తుండగా, ఊళ్లో పలుకుబడి ఉన్న రైతు ఒకాయన మిక్సీ తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టాడు. నాలుగు నెలల కిందట నా దగ్గరే కొన్నాడు.

"ఏందమ్మా ఇది? కాలిన వాసనొచ్చి ఆగిపాయ. నా దుడ్లు నాకిచ్చెయ్."

కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాను. మధ్యలో అడ్డుపడకుండా ఆయన అరవాల్సింది అరవనిచ్చాను. తరువాత చిన్న జారు మూత తీశాను. గుప్పున పసుపు వాసన. బ్లేడు వంగిపోయింది. జారు అడుగున తిరిగే రబ్బరు పళ్లన్నీ అరిగిపోయాయి.

"దీంట్లో ఏమేసినారన్నా?"

"పసుపు కొమ్ములు. ఐతే ఏంది?"

మిక్సీని బోర్లించి అడుగునున్న ఎర్ర మీట నొక్కాను. జారు లేకుండా స్విచ్ వేస్తే మోటారు గిర్రున తిరిగింది.

"చూడన్నా, మోటారు బాగుంది. కాలిన వాసన రబ్బరుది. పసుపు కొమ్ముల మాదిరి గట్టివేసి బరువెక్కువైతే కాలిపోకుండా అదే ఆగిపోతాది, ఈ మీట నొక్కితే మళ్లా తిరుగుతాది. ఇది వస్తువు లోపం కాదు, దుడ్లు వాపసు ఇయ్యలేను. రబ్బరు, బ్లేడు నేను కొన్న ధరకే వేస్తా, కూలి వద్దు. నా మాట నమ్మకుంటే కంపెనీ సర్వీసోళ్లకు నేనే పంపిస్తా. వాళ్లు లోపముందంటే కొత్తది ఇప్పిచ్చేది నా బాధ్యత."

"నేనెవరో తెల్సునా? ఒక్క మాట చెప్తే నీ అంగట్లోకి ఎవురూ కాలు పెట్టరు."

ఫ్యాన్లు చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె నా చెవిలో, "ఇచ్చెయ్యమ్మా, పెద్దోళ్లతో మనకెందుకు" అంది. కానీ భయపడి ఇచ్చేస్తే, రేపటి నుంచి నేను అంగడి నడిపేది ఎవరి దయ మీద?

"తెల్సన్నా. నీ మీద మర్యాద ఉండబట్టే ఇంతసేపు చెప్తాండా. నా తోడబుట్టినోడు వచ్చినా ఇదే మాట."

ఆయన మిక్సీ చంకన పెట్టుకుని విసురుగా వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆయన భార్య జారు పట్టుకుని వచ్చింది. "ఆయప్ప కోపిష్టి. మనసులో పెట్టుకోవాకమ్మా" అంది. అన్నమాట ప్రకారమే రబ్బరు, బ్లేడు మార్చి ఇచ్చాను. పసుపు కొమ్ములు మరలో పట్టించుకోమని చెప్పాను. పోతూ పోతూ వాళ్ల చెల్లెలి కోసం ఒక ఇస్త్రీ పెట్టె కొనుక్కుంది.

ఆయన మాత్రం ఇప్పటికీ నా అంగడి ముందు తల తిప్పుకునే పోతాడు. పోనీ. వాళ్లింట్లో ఫ్యాన్ ఆగినా నా దగ్గరికే పంపిస్తాడు.