సర్వర్ డౌన్ అన్న మూడు రోజులు

విద్యాసాగర్‌కు కోపం రాదు. ఇది మెచ్చుకోలు అనుకునేరు, భార్య సౌభాగ్యను అడిగితే తెలుస్తుంది. పప్పులో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తిని లేస్తాడు. ఉప్పు వేశానో లేదో ఆవిడే మళ్ళీ నాలుక మీద వేసుకుని చూసుకోవాలి. సంతోషం సంగతీ అంతే. ఇలాంటి మొగుడితో కాపురం గోడతో మాట్లాడటమేనని ఆవిడ మొహం మీదే అంటుంది. దానికీ పలకడు.

నాంపల్లి కోర్టు దగ్గర టైపు మిషన్ పెట్టుకుని కూర్చున్న రోజుల్లో ఆయన ఇలా ఉండేవాడు కాదు. అఫిడవిట్ కొడుతూ కొడుతూ అవతలివాళ్ళ గోడు విని కళ్ళు తుడుచుకునేవాడు. తర్వాత టైపు మిషన్ మూలన పడింది. గన్‌ఫౌండ్రీ సందులో చిన్న గది తీసుకుని కంప్యూటర్ పెట్టాడు. అన్ని రకాల ఆన్‌లైన్ దరఖాస్తులు నింపబడును అని బోర్డు రాయించాడు. అప్పటినుంచి రోజూ ఎవరిదో ఒకరిది ఆఖరు తేదీయే. ఎందరి కోసమని గుండె కొట్టుకుంటుంది? ఎప్పుడో ఒకనాడు మొద్దుబారిపోయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తెలిసినా ఏమీ అనిపించలేదు.

ఆన్‌లైన్ సెంటర్ల వాళ్ళ దగ్గర ఒక మాట ఉంటుంది. ఫారం ముందుకు కదలకపోతే చాలు, "సర్వర్ డౌన్, రేపు రాండ్రి" అనేస్తారు. తప్పు మనది కాదు, వచ్చినవాళ్ళదీ కాదు. సర్వర్ ఎక్కడుందో వెళ్ళి చూసొచ్చేవాడెవడు? విద్యాసాగర్ ఆ మాటను రోజుకు పదిసార్లయినా అంటాడు, తల కూడా ఎత్తకుండా.

సోమవారం యాదవ్వతోనూ అదే అన్నాడు. ఆమె నాంపల్లి స్టేషన్ దగ్గరి లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది. కూతురు జమునకు నర్సింగ్ కోర్సులో సీటు కోసం దరఖాస్తు పెట్టాలి. పిల్ల ఊళ్ళో నాట్లకు పోయింది కాబట్టి సర్టిఫికెట్లన్నీ పాలిథిన్ కవర్లో చుట్టుకుని తల్లే వచ్చింది. విద్యాసాగర్ వాటిని స్కాన్ చేశాడు, సైజు తగ్గించాడు, వివరాలన్నీ కొట్టాడు. చివర్లో బొమ్మలో కనబడే అక్షరాలు చూసి కొట్టమనే గడి ఒకటుంటుంది కదా, క్యాప్చా అంటారు, అక్కడ ఆగిపోయింది. అక్షరాలు ఉండాల్సిన చోట చిరిగిన బొమ్మ గుర్తు మాత్రమే కనబడింది.

మంగళవారం యాదవ్వ మళ్ళీ వచ్చింది. అదే చిరిగిన బొమ్మ, అదే మాట. బుధవారం మూడోసారి వచ్చింది. ఆ సాయంత్రం అయిదింటికి గడువు అయిపోతుంది.

"సర్వర్ డౌన్ ఉందమ్మా."

"గిట్లంటే ఎట్ల సార్? గియ్యాల్నే ఆఖరు. పోరికి ర్యాంకు అచ్చింది. అయిదు దాటితె సీటు పోతది," అంటూ యాదవ్వ గడప మీదే కూర్చుంది. లేవనన్నట్టు కొంగు నడుముకు బిగించింది.

పక్క జిరాక్సు షాపు మృదుల ఈ మాటలు వింది. ఆవిడకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. ఫోన్లో అదే సైటు తెరిచి, తెచ్చి విద్యాసాగర్ ముక్కు కింద పెట్టింది.

"చూడున్రి సార్. నా ఫోన్ల అక్షరాలు మంచిగనే కనబడ్తున్నయ్. సర్వర్ డౌన్ ఉంటె నాక్కూడ రావద్దు గదా?"

విద్యాసాగర్ చూశాడు. అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఈ పరీక్ష ఒక్కసారీ చేయలేదు.

"మరైతే తప్పు నా కంప్యూటర్‌దేనా?"

"ఇంకెవరిది? దరఖాస్తు గీ ఫోన్లనే పెడ్దుము, కానీ స్కాన్లన్నీ మీదాంట్ల ఉన్నయ్. అటు పంపి, మళ్ల అన్నీ కొట్టేసరికి అయిదైతది. అసలు బొమ్మలు బంద్ గిట్ల పెట్టిన్రా?"

పెట్టాడు. డాంగిల్ గుచ్చి నెట్ వాడుకున్న రోజుల్లో డేటా తొందరగా అయిపోకుండా బ్రౌజరులో బొమ్మలన్నీ ఆపేశాడు. రోజూ వాడే సైట్లకు మాత్రం ఒక్కొక్కటిగా అనుమతి ఇచ్చుకున్నాడు. ఈ నర్సింగ్ సైటుకూ ఇచ్చాడు. కానీ పోయిన నెల ఆ సైటు కొత్త చిరునామాకు మారింది. అనుమతి పాత చిరునామాకే ఉండిపోయింది. సెట్టింగుల్లోకి వెళ్ళి కొత్తదాన్ని కలిపి, పేజీ మళ్ళీ తెరిచాడు. ఆరు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. యాదవ్వ లేచి నిలబడింది.

వివరాలు మళ్ళీ నింపి, అక్షరాలు చూసి కొట్టాడు. తప్పు అంది సైటు. కొత్త బొమ్మ తెప్పించుకుని కొట్టాడు. మళ్ళీ తప్పే. మూడోసారి మృదుల పైకి చదువుతుంటే కొట్టాడు. అయినా తప్పే. గోడ గడియారంలో నాలుగున్నర.

"బ్రౌజర్ పాతదేమో," అంటూ వెర్షన్ చూశాడు. పాతదే. ఈ కంప్యూటర్‌కు ఇక అప్‌డేట్లు రావని అక్కడే రాసి ఉంది. ఆ రాత చాన్నాళ్ళుగా ఉంది, ఆయనే చదవలేదు. ఇప్పుడు కొత్త కంప్యూటర్ ఎక్కణ్ణుంచి తేవాలి?

"అది తర్వాత ఫికర్ చేద్దురు గానీ, జర ఆ ఎక్స్‌టెన్షన్లు చూడున్రి," అంది మృదుల.

బ్రౌజరుకు తగిలించుకున్న ఆ చిన్న ప్రోగ్రాములు నాలుగున్నాయి. యాడ్లు రాకుండా చేసేది ఆపాడు, తప్పే అంది. ఇంకోటి ఆపాడు, అయినా తప్పే. మూడోది అనుమతి లేని సైట్ల కుకీలను ఆపేది, దీన్లోనూ అనుమతి పాత చిరునామాకే ఉంది. ఏ బొమ్మ ఎవరికి చూపించిందో సైటు ఆ కుకీ అనే గుర్తు చీటీతోనే గుర్తుపెట్టుకుంటుంది. అది లేకపోతే సరైన అక్షరాలు కొట్టినా, సైటుకు ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి చెప్పినట్టే. దాన్నీ ఆపి, పేజీ మళ్ళీ తెరిచాడు. ఫారం నింపి, స్కాన్లు ఎక్కించాడు. వేళ్ళు ఎప్పటిలాగే కదులుతున్నాయి, వణుకూ లేదు, తొందరా లేదు. కొత్త అక్షరాలు కొట్టి బటన్ నొక్కాడు.

దరఖాస్తు అందినది. నాలుగూ యాభై రెండు.

"అయిందా సార్?"

"అయిందమ్మా."

యాదవ్వ రెండు చేతులెత్తి మొక్కింది. ప్రింటు తీసిన కాగితాన్ని కళ్ళకద్దుకుంది. "మీ రుణం తీర్చుకోలేను సార్. పాపం, మూడు దినాల సంది ఆ సర్వర్‌తోని మీరు గూడ ఎంత తిప్పలబడ్డరో," అంది.

మృదుల విద్యాసాగర్ వైపు ఒకసారి చూసి, ఫోను తీసుకుని తన షాపులోకి వెళ్ళిపోయింది.

"లాడ్జికి జల్దీ పో యాదవ్వా, ఆలస్యమైతాంది," అన్నాడు విద్యాసాగర్. ఆ మాట అనాలని ఎందుకనిపించిందో ఆయనకే తెలియదు.

"గాడ ఇంకేం పని సార్? నిన్ననే ఇంకొకామెను పెట్టుకున్నరు. పగటిపూట ఉతికే దుప్పట్లు దిగే యాల్లకు రెండు దినాలు నేను ఈడనే ఉంటి, ఎవలు ఆగుతరు? ఆళ్ళ తప్పేముంది?" కాగితాన్ని కవర్లో మడతపెడుతూ మామూలుగానే చెప్పింది. "సర్వర్ ఖరాబైతె మీరేం చేస్తరు, ఆళ్ళేం చేస్తరు."

విద్యాసాగర్ కుర్చీలోంచి లేచాడు. ఆయనకు సిగ్గేసింది. ఎన్నేళ్ళ తర్వాతో తెలియదు, ఒళ్ళంతా చురుక్కుమనేట్టు సిగ్గేసింది.

"సర్వర్ మంచిగనే ఉండె యాదవ్వా," అన్నాడు. "సోమవారం సంది మంచిగనే ఉండె. ఖరాబైంది నా కంప్యూటర్. నేను చూడలే."

యాదవ్వ ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"గట్లనా," అంది ఆమె. కవరు చంకలో పెట్టుకుని గడప దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఏడన్న పని ఉంటె చెప్పున్రి సార్."